ఇండెక్స్ ఫ్యూచర్స్ 75 పాయింట్లు చౌకగా కనిపిస్తున్నాయి: ఇది నిజమైన ఆర్బిట్రేజేనా?

మాధవ్:
సభ్యులకు నమస్కారం. నేను గమనిస్తున్న ఇండెక్స్ స్పాట్‌లో 10,000 దగ్గర ఉంది. దాని ఫ్యూచర్స్ కాంట్రాక్టు ఎక్స్‌పైరీకి ఇంకా 73 రోజులు ఉన్నాయి. వడ్డీ రేటు ఏడాదికి 6 శాతంగా, ఆ ఇండెక్స్ డివిడెండ్ యీల్డ్ 2 శాతంగా తీసుకున్నాను. 73 రోజులంటే ఏడాదిలో అయిదో వంతు కాబట్టి వడ్డీ 120 పాయింట్లు, డివిడెండ్ 40 పాయింట్లు అవుతాయి. ఆ లెక్కన ఫెయిర్ వేల్యూ 10,080 రావాలి. మార్కెట్‌లో మాత్రం ఫ్యూచర్స్ 10,005 దగ్గర ట్రేడ్ అవుతున్నాయి. ఇండెక్స్‌లోని షేర్లను షార్ట్ చేసి, వచ్చిన డబ్బును వడ్డీకి వేసి, ఫ్యూచర్స్ కొంటే 75 పాయింట్లు ఖాయంగా మిగలాలి కదా? ఇంత పెద్ద తేడా ఎవరి కంటా పడకుండా ఎలా ఉంటుందన్నదే నా సందేహం.

కిరణ్:
తేడా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. రాబోయే రెండు నెలల్లో మార్కెట్ పడుతుందని ఎక్కువ మంది అనుకుంటున్నప్పుడు ఫ్యూచర్స్ ఫెయిర్ వేల్యూ కంటే కిందికి వెళ్తాయి. దీన్ని ఆర్బిట్రేజ్‌గా కాక, మార్కెట్ ఇస్తున్న హెచ్చరికగా చూడటం మంచిదని నా అభిప్రాయం.

వెంకటరమణ:
కిరణ్ గారూ, అమ్మకాల ఒత్తిడి వల్ల ఫ్యూచర్స్ కాస్త కిందికి జరుగుతాయన్నంత వరకు మీ మాట సరైనదే. అయితే మార్కెట్ పడుతుందన్న అంచనా నిజంగా ఉంటే స్పాట్‌లోని షేర్లు కూడా అప్పటికే అమ్ముడై, ఇండెక్స్ కూడా దిగే ఉంటుంది. రెండు ధరల మధ్య దూరాన్ని నిర్ణయించేది భవిష్యత్తు గురించిన అంచనా కాదు. ఆ షేర్లను ఎక్స్‌పైరీ దాకా చేతిలో ఉంచుకోవడానికి అయ్యే నికర ఖర్చు మాత్రమే.

మాధవ్ గారూ, మీ సూత్రంలో తప్పు లేదు. అందులో వేసిన డివిడెండ్ అంకెను మాత్రం మళ్లీ చూడాలి. 2 శాతం యీల్డ్ అంటే ఏడాది మొత్తానికి 200 పాయింట్లు. అవి రోజుకు ఇంత చొప్పున సమానంగా రావు. చాలా మార్కెట్లలో కంపెనీలు వార్షిక ఫలితాల తరువాత ఒకే కాలంలో డివిడెండ్ ఇస్తాయి కాబట్టి ఏడాది డివిడెండ్లలో సగానికి పైగా కొద్ది వారాల్లోనే పడవచ్చు. మీరు లెక్కలో వేయవలసింది ఈ 73 రోజుల్లో ఎక్స్-డివిడెండ్ అయ్యే షేర్ల డివిడెండ్లను, ఇండెక్స్‌లో వాటి వెయిటేజ్ ప్రకారం పాయింట్లుగా మార్చగా వచ్చే మొత్తాన్ని.

```
F = S × (1 + r × d/365) − D
```

ఇక్కడ F అంటే ఫ్యూచర్స్ ఫెయిర్ వేల్యూ, S అంటే స్పాట్ ధర, r అంటే ఏడాది వడ్డీ రేటు, d అంటే ఎక్స్‌పైరీకి మిగిలిన రోజులు, D అంటే ఆ కాలంలో వచ్చే డివిడెండ్ పాయింట్లు. వాటిపై ఎక్స్‌పైరీ దాకా వచ్చే వడ్డీని కూడా కలపాలి గానీ, మీ ఉదాహరణలో అది ఒక పాయింటు అటూ ఇటూ మాత్రమే కాబట్టి వదిలేయవచ్చు. ఇంకొక్క మాట: జర్మనీకి చెందిన డాక్స్ వంటి సూచీలో డివిడెండ్లను తిరిగి పెట్టుబడిగా కలిపే లెక్కిస్తారు. అటువంటి సూచీకి D తీసివేయకూడదు.

మాధవ్:
చాలా ధన్యవాదాలండీ. కంపెనీలు ప్రకటించిన తేదీలను ఒక్కొక్కటిగా చూసి డివిడెండ్లను కలిపాను. ఈ కాంట్రాక్టు వ్యవధిలో సుమారు 110 పాయింట్లు వస్తున్నాయి. అంటే ఫెయిర్ వేల్యూ 10,010. మార్కెట్ ధర 10,005 కాబట్టి మిగిలిన తేడా 5 పాయింట్లే. ఆ అయిదైనా అందుకోవచ్చా?

వెంకటరమణ:
మీరు చెప్పిన వ్యూహాన్నే చివరిదాకా నడిపి చూద్దాం. షేర్లను షార్ట్ చేస్తే 10,000 వస్తుంది, దానిపై వడ్డీ 120 వస్తుంది. షేర్లు అరువిచ్చినవారికి డివిడెండ్లు మీరే చెల్లించాలి కాబట్టి 110 పోతుంది. ఎక్స్‌పైరీ రోజున ఇండెక్స్ ఎక్కడున్నా, ఫ్యూచర్స్ వల్ల మీరు షేర్లను 10,005కు తిరిగి కొన్నట్టే లెక్క. మిగిలేది 5. ఇప్పుడు షేర్లు అరువు తెచ్చుకోవడానికి ఏడాదికి 1 శాతం రుసుము ఉందనుకోండి, 73 రోజులకు అది 20 పాయింట్లు. బ్రోకరేజీ, కొనుగోలు అమ్మకపు ధరల మధ్య తేడా లెక్కలోకి రాకముందే మీరు 15 పాయింట్ల నష్టంలో ఉంటారు.

అందుకే ఫెయిర్ వేల్యూ ఒక గీతలా కాక ఒక పట్టీలా ఉంటుంది. పైగా ఆ పట్టీ రెండు వైపులా సమానంగా ఉండదు. ఫ్యూచర్స్ ఖరీదైనప్పుడు షేర్లు కొని ఫ్యూచర్స్ అమ్మడానికి డబ్బు అప్పు దొరికితే చాలు. చౌకైనప్పుడు షేర్లే అరువు దొరకాలి, అది ఖర్చుతో కూడిన పని. అయితే ఇండెక్స్ ఫండ్లకు ఆ అవసరం లేదు. తమ దగ్గరున్న షేర్లనే అమ్మి ఫ్యూచర్స్ కొంటాయి కాబట్టి, మీకు నష్టం వచ్చే ధర దగ్గర కూడా వాటికి లాభం మిగలవచ్చు. కింది హద్దును సాధారణంగా కాపాడేది అలాంటివారే.

సుజాత:
ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఒకసారి ఫ్యూచర్స్ ఖరీదుగా ఉన్నప్పుడు షేర్లు కొని, ఫ్యూచర్స్ అమ్మాను. లెక్క ప్రకారం లాభం ఖాయమే. ఆ తరువాత ఇండెక్స్ ఏకబిగిన పెరుగుతూ పోయింది. ఫ్యూచర్స్ నష్టం ఏ రోజుకు ఆ రోజు నగదుగా కట్టాలి. షేర్లలో వచ్చిన లాభం మాత్రం అమ్మేదాకా కాగితం మీదే ఉంటుంది. ఇండెక్స్ 6 శాతం పెరిగితే ప్రతి 10,000కు 600 నగదు సిద్ధంగా ఉండాలన్న మాట. అది సమకూరక ఎక్స్‌పైరీకి ముందే రెండు వైపులా మూసివేయవలసి వచ్చింది. అప్పటికి ఫ్యూచర్స్ మరింత ఖరీదై ఉండటంతో, లాభం రావలసిన చోట నష్టం వచ్చింది.

వెంకటరమణ:
సుజాత గారూ, మీది మాధవ్ గారు అడిగినదానికి ఎదురు దిశ. అయినా ఆయనకూ ఇది వర్తిస్తుంది. ఫ్యూచర్స్ కొన్నవారు ఇండెక్స్ పడినప్పుడు అలాగే నగదు కట్టాలి. ఎక్స్‌పైరీ దాకా నిలబడగలిగినప్పుడే ఆ తేడా లాభమవుతుంది.

కిరణ్:
అలాగైతే 1987 అక్టోబర్ 19న అమెరికాలో ఫ్యూచర్స్ స్పాట్ కంటే అంత కిందికి ఎందుకు వెళ్లాయి? అప్పుడు డివిడెండ్లు కారణం కాదు కదా?

వెంకటరమణ:
కాదు. ఆ ఉదయం న్యూయార్క్‌లో చాలా పెద్ద షేర్లు సమయానికి ట్రేడింగ్ మొదలుపెట్టనేలేదు. ఇండెక్స్‌ను చివరి ట్రేడ్ ధరలతో లెక్కిస్తారు కాబట్టి, తెరపై కనిపించిన స్పాట్‌లో శుక్రవారపు పాత ధరలు కలిసి ఉన్నాయి. ఆ ధరకు ఎవరూ అమ్మలేరు. అందువల్ల కనిపించిన తేడాలో కొంత భాగం నిజమైనది కాదు. ఇప్పటికీ మార్కెట్ తెరిచిన తొలి నిమిషాల్లో రెండు ధరలను పోల్చకపోవడం మేలు. తేడా నిజమైనదో కాదో తెలియాలంటే తెరపై ఉన్న ఇండెక్స్ అంకెను వదిలి, ఆ షేర్లను అదే క్షణంలో అమ్మితే వచ్చే ధరలతో లెక్క కట్టాలి.

మాధవ్:
నేను మధ్యాహ్నపు ధరలు తీసుకున్నాను కాబట్టి ఆ ఇబ్బంది ఉండదనుకుంటాను. ఇంకొక సందేహం. ఆ 110 పాయింట్లలో ఇంకా ప్రకటించనివి కూడా ఉన్నాయి. వాటిని నిరుటి అంకెలతోనే వేశాను.

వెంకటరమణ:
అసలు రిస్కు అక్కడే ఉంది. 2020 మార్చి చివరలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు సూచన తరువాత అక్కడి బ్యాంకులు అనేకం డివిడెండ్లు నిలిపివేశాయి. డివిడెండ్ వస్తుందని లెక్కవేసి, షేర్లు కొని ఫ్యూచర్స్ అమ్మినవారికి ఆ మేరకు నష్టమే. మీరు లెక్కను తిరగేసి కూడా చూడవచ్చు. ఫ్యూచర్స్ 10,005, డివిడెండ్ 110 అయితే, 73 రోజులకు 115 పాయింట్లు, అంటే ఏడాదికి 5.75 శాతం వడ్డీని మార్కెట్ సూచిస్తోంది. లేదా వడ్డీ 6 శాతమే అయితే డివిడెండ్‌ను 115గా అంచనా వేస్తోంది. ఈ రెండింటిలో ఏది నిజమో ఒక్క ధరను బట్టి చెప్పలేం.

సుజాత:
డివిడెండ్‌పై పన్ను మాటేమిటి? 15 శాతం కోత పడేవారికి 110లో 93.5 మాత్రమే చేతికి వస్తుంది. వారికి ఫెయిర్ వేల్యూ 10,026.5 అవుతుంది కదా?

వెంకటరమణ:
అవుతుంది. పన్ను లేనివారికి 10,010, మీరన్నవారికి 10,026.5. ధరను ఆ రోజు ఎవరు నిర్ణయిస్తున్నారన్నది ఏ మార్కెట్‌లో ఎవరి డబ్బు ఎక్కువగా ఉందన్నదానిపై ఆధారపడుతుంది. ఈ కాంట్రాక్టులో ఎవరి లెక్క నడుస్తోందో నేను ఖాయంగా చెప్పలేను. గత కొన్ని ఎక్స్‌పైరీల డివిడెండ్ కాలంలో ఫ్యూచర్స్ ఏ అంకెకు దగ్గరగా నడిచాయో మాధవ్ గారు చూసి ఇక్కడ పెడితే, దానిపై మాట్లాడుకోవచ్చు.