ప్రిన్సిపాల్ గారి ఉత్తరం: చెక్‌లిస్టు వేసిన మార్కులు న్యాయమేనా?

ఏడో తరగతి తల్లి: సైన్స్ ప్రాజెక్టుల మార్కుల గురించి ప్రిన్సిపాల్ గారు ఉత్తరం పంపారు. ప్రతి నివేదికలో 20 అంశాలు ఉన్నాయో లేదో కంప్యూటర్ చూసిందట. ఉంటే 5 మార్కులు, లేకపోతే సున్నా. "అందరినీ ఒకే కొలతతో కొలిచాం, పక్షపాతానికి తావు లేదు" అని రాశారు. మా అమ్మాయికి 65 వచ్చాయి. ఈ పద్ధతి న్యాయమేనా?

ముక్కుసూటి: న్యాయమే. మా అబ్బాయి ప్రాజెక్టు దగ్గర న్యాయనిర్ణేత నిమిషం కూడా నిలబడలేదు. బహుమతి ఆయనకు తెలిసినవారి బిడ్డకు వెళ్లింది. కంప్యూటర్‌కు చుట్టరికాలు ఉండవు.

వెన్నెల: పిల్లలు కంప్యూటర్‌తో ప్రాజెక్టులు రాయించుకోవడం ఆపాలి.

ఏడో తరగతి తల్లి: అడిగింది అది కాదండీ. రాసింది మా అమ్మాయే, దిద్దింది కంప్యూటర్.

ప్రయోగశాల మాస్టారు: అమ్మా, 35 మార్కులు పోయాయంటే ఏడు అంశాలు లేవని లెక్కేసినట్టు. అవి ఏవో చెప్పగలరా?

ఏడో తరగతి తల్లి: పరికల్పన, పట్టిక, కొలమానాలు, మళ్లీ మళ్లీ తీసుకున్న కొలతలు, గ్రాఫు, జాగ్రత్తలు, ఆధారాల జాబితా. చివరి రెండూ నిజంగానే రాయలేదు. "ఇలా జరుగుతుందని అనుకున్నాను" అని రాసింది కానీ పరికల్పన అనే మాట వాడలేదు. పట్టిక, గ్రాఫు చేత్తో గీసి ఫొటో తీసి అతికించింది.

ప్రయోగశాల మాస్టారు: అయితే కంప్యూటర్ ఫొటోలోని అక్షరాలను చదవలేదన్నమాట. పట్టికతో పాటు అందులోని కొలమానాలు, కొలతలు, గ్రాఫు కూడా లేనట్టే లెక్క. నాలుగు అంశాలు, 20 మార్కులు. పరికల్పన మరో 5. మనిషి చూస్తే 90 వచ్చేవి. ఇంకో మొక్కల ప్రాజెక్టులో వెలుతురునూ నీళ్లనూ ఒకేసారి మార్చి, ఎదుగుదలకు వెలుతురే కారణమని తేల్చారనుకోండి. శీర్షికలన్నీ ఉంటే దానికి నూటికి నూరు. ఒకే కొలత అన్నది నిజమే, కానీ అది కొలిచింది ప్రయోగాన్ని కాదు.

ముక్కుసూటి: శీర్షికలు పెట్టమని ముందే చెప్పారు కదా. పాటించనివారికి మార్కులెందుకు? మీరు మళ్లీ టీచర్ల దయమీదకే తీసుకెళ్తున్నారు.

ప్రయోగశాల మాస్టారు: ఫొటో పెట్టకూడదని చెప్పారా? పిల్ల చేసిన పనిని లేదనడం క్రమశిక్షణ కాదండీ, తప్పు!

ముక్కుసూటి: మా అబ్బాయికి జరిగింది తప్పు కాదా? అప్పుడు మీవంటి వారెవరూ మాట్లాడలేదు.

ఏడో తరగతి తల్లి: నాకు మార్కుల బాధ లేదు. ఉత్తరం చివర "70 దాటిన ప్రాజెక్టులనే ఉపాధ్యాయులు చూస్తారు" అని ఉంది. రెండు నెలలు రోజూ కొలతలు రాసుకున్న ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవనే లేదు.

ముక్కుసూటి: ఆ వాక్యం నేను గమనించలేదు. ఒక్కరైనా చూడాలి, ఒప్పుకుంటాను. కానీ పేరు కనిపించకూడదు.

ప్రయోగశాల మాస్టారు: 70కి దిగువన పోయినవాటిలో ఒక పదింటిని, దాటినవాటిలో పదింటిని పేర్లూ మార్కులూ తీసేసి కలిపి, ఇద్దరు టీచర్లతో విడివిడిగా దిద్దించమనండి. వాళ్లిద్దరూ ఏకీభవించి, చెక్‌లిస్టు మాత్రం వేరుగా ఉంటే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

ముక్కుసూటి: ఆ ఇద్దరినీ ఎంచేది ఎవరు?