అప్‌డేట్: నవలలో పంతొమ్మిదేళ్ల విరామం

నేను అడిగినది: “1999లో ఆగిన కథను 2018లో మళ్లీ అందుకుంటే, పాఠకులు దారి తప్పకుండా ఎలా చూసుకోవాలి?”

మధ్యకాలాన్ని వివరించిన నాలుగు పేజీలను పూర్తిగా తీసివేశాను. అక్కడ సమాచారమే తప్ప సన్నివేశం లేదని, మా అక్కయ్య సరిగ్గా ఆ పేజీల దగ్గరే చదవడం ఆపినప్పుడు అర్థమైంది. మొదటి భాగం ఇప్పుడు అమీర్‌పేట కూడలిలో, తొమ్మిదేళ్ల సుజాత తండ్రి చేతిగడియారం పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తుండగా ముగుస్తుంది. రెండవ భాగం అదే కూడలిలో, మెట్రో వంతెన నీడలో, అదే గడియారానికి కొత్త పట్టీ వేయించుకుంటున్న ఇరవై ఎనిమిదేళ్ల సుజాతతో మొదలవుతుంది. సంవత్సరాన్ని భాగం శీర్షికలో ఒక్కసారే ఇచ్చాను. చోటూ వస్తువూ మారకపోవడంతో మిగిలిన మార్పులు వాటంతట అవే కనిపించాయి. తండ్రి ఏమయ్యాడన్న ప్రశ్నను మాత్రం మరో రెండు అధ్యాయాల దాకా తెరిచే ఉంచాను. ఈసారి అక్కయ్య ఆగకుండా చదివింది గాని, సుజాత భర్త పేరు పరిచయం లేకుండా రావడంతో అతడెవరో తెలియక వెనక్కి వెళ్లి వెతుక్కున్నది. ఆ పేరు మొదట వచ్చే వాక్యంలోనే బంధుత్వం తెలిసేలా ఇప్పుడు తిరగరాస్తున్నాను.