ఇంటికొచ్చే ఫిజియోకు 20 రోజుల ప్యాకేజీనా, రోజు లెక్కనా?

స్వాతి, నల్లగొండ దగ్గర
మా అమ్మకు 64 ఏండ్లు. హైదరాబాద్‌ల కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చి మూడు రోజులు. మా ఊరు నల్లగొండకు 14 కిలోమీటర్లు. ఇంటికొచ్చే ఫిజియో రోజుకు 600, పెట్రోలుకు 100 అంటున్నడు. 20 రోజుల ప్యాకేజీ ముందే కడితే 10,000. టౌన్‌ల క్లినిక్ అయితే రోజుకు 300, పది సార్లకు 2,500. ఏది తీస్కోవాలె?

చిట్యాల చిన్నోడు
క్లినిక్కే. సగం రేటు కనవడుతనే ఉంది గదా అక్కా. ఇంటికొచ్చేటోళ్లు గంట అని చెప్పి ఇరవై నిమిషాలకే లేస్తరు, మధ్యల ఫోన్లు. క్లినిక్‌ల కరెంటు మిషన్లు గూడ ఉంటయి. బస్సు ఆడోళ్లకు ఎట్లాగూ ఫ్రీనే.

స్వాతి
బస్సు ఫ్రీనే తమ్మీ, మెట్లు ఎవరెక్కాలె? వాకర్ పట్టుకొని బాత్రూం దాకా పోవుడే గగనమైతున్నది. ఆటో స్పెషల్ మాట్లాడితే పోను రాను 500.

లెక్కల సారు, మిర్యాలగూడ
అయితే ఆ 500 కలిపి చూడమ్మా. క్లినిక్‌కు 20 సార్లు పోతే ఫీజు 5,000, ఆటో 10,000, మొత్తం 15,000. ఇంటికి రోజు లెక్కన పిలిస్తే 20 రోజులకు 14,000. ప్యాకేజీ 10,000 అన్నరు గానీ పెట్రోలు అందులో ఉందో లేదో అడిగినవా? లేకుంటే అది 12,000. సగం రేటనుకున్న క్లినిక్కే అన్నిటికన్న పిరమైంది.

అయితే నాకు ధర కన్న ఆ 20 రోజుల మీదనే అనుమానం. మా ఇంటామెకు అయినప్పుడు మేమూ వరుసగ 20 రోజులు ప్యాకేజీ తీసుకున్నం. రోజూ వచ్చిండు, మంచిగనే చేసిండు, ఆఖరి రోజుకు మోకాలు 95 డిగ్రీలు వంగింది. అంతటితో అయిపోయిందనుకున్నం. ఆమె రాత్రి నొప్పికి ఓర్వలేక మోకాలు కింద దిండు పెట్టుకొని పండేది. హాయిగుంటదని మేమే పెట్టినం. ఆరో వారం పెద్దాసుపత్రికి చూపెట్టబోతే, డాక్టరు మంచం మీద కాలు చాపమన్నడు. మోకాలు వెనక నాలుగు వేళ్లు దూరేంత సందు. వంగుడు ఒక్కటే చూసుకున్నం, చాపుడు ఎవరూ చూడలేదు. ఆమె నడకల కుంటు దాంతోనే వచ్చింది. మళ్ల 12 సార్లు విడి రేటుకు చేయించుకున్నం. ప్యాకేజీల మిగిలిన పైసలకు రెండింతలు అక్కడ పోయినయి.

పాలమూరు యాదగిరి
మా నాయినకు పక్షవాతం వచ్చినప్పుడు మేము 20 రోజులకు 9,000 ముందే కట్టినం. పదకొండు రోజులు వచ్చి, ఆ పిల్లగాడు వేరే పని దొరికిందని మానేసిండు. మిగిలిన తొమ్మిది రోజులకు 4,050 వాపసు వస్తయనుకున్న. వాళ్లేమో పదకొండు రోజులను విడి రేటు 600 లెక్కన కోసి, 2,400 చేతుల పెట్టిండ్రు. ‘మానేస్తే డిస్కౌంటు వర్తించదు’ అన్నరు. మానేసింది మేమా? అందుకే నేను ప్యాకేజీ అంటేనే దండం పెడ్త.

స్వాతి
అన్నా, మాది పక్షవాతం కాదు, మోకాలు.

పాలమూరు యాదగిరి
తెలుసమ్మా. వాపసు సంగతి ఎవరికైనా ఒక్కటే అని చెప్తున్న.

సుజాత, ఫిజియోథెరపిస్ట్
నేను ఇళ్లకు వెళ్లే మనిషినే, కాబట్టి నా మాట పక్షపాతం అనుకున్నా సరే. ప్యాకేజీ ఎందుకు పెడతామో చెప్తాను. విడిగా కట్టేవాళ్లలో చాలామంది అయిదో రోజుకు నొప్పి తగ్గగానే ‘రేపు వద్దులే మేడం’ అంటారు. మోకాలు మార్పిడిలో అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ముందే కట్టిన ఇంట్లో ఆ మాట రాదు. 14 కిలోమీటర్లు బండి మీద పోయి రావడానికి పట్టే టైములో క్లినిక్‌లో ఇద్దరిని చూస్తాం, ఆ 100 ఊరికే అడగరు.

సారు చెప్పిన దిండు సంగతి మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. మడమ కింద మడిచిన టవల్ పెట్టి, మోకాలి వెనక భాగం మంచానికి ఆనేలా నొక్కించాలి. ఇది రోజుకు మూడు నాలుగు సార్లు ఇంట్లోవాళ్లే చేయించాలి. మేం వచ్చేది ముప్పావు గంట, మిగిలిన రోజంతా మీదే.

చిన్నోడు అన్న మిషన్ల గురించి ఒక్క మాట. కరెంటు పెడితే నొప్పి కొంచెం ఆగుతుందేమో గానీ మోకాలు వంగదు. లోహం పెట్టిన మోకాలికి షార్ట్‌వేవ్ డయాథెర్మీ అసలు పెట్టకూడదు, లోపల లోహం దగ్గర వేడెక్కుతుంది. మిషన్‌కు విడిగా 100 వేసే చోట ముందే అడగండి, ఏం పెడుతున్నారు, ఎందుకు అని.

చిట్యాల చిన్నోడు
మా మామకు నడుముకు పెట్టిండ్రు, మస్తు తగ్గింది.

సుజాత
మీ మామ నడుములో లోహం లేదు కదా నాయనా.

లెక్కల సారు
సుజాతమ్మా, పైసలు కడితే మానరన్నది ఒప్పుకుంట. అవి మొదటి 20 రోజులకే ఎందుకు కుక్కాలె? స్వాతి వాళ్ల లెక్కనే చూద్దాం. కుట్లు తీసే దాకా, అంటే రెండు వారాలు, రోజు విడిచి రోజు ఇంటికి పిలిస్తే ఏడు సార్లు, 4,900. తర్వాత నాలుగు వారాలు వారానికి రెండు సార్లు క్లినిక్ అంటే ఎనిమిది సార్లు, ఆటోతో కలిపి 6,400. మొత్తం 11,300. ప్యాకేజీ 12,000కు దగ్గర దగ్గరనే. కానీ ఆరో వారం దాకా మోకాలు మీద ఒకరి చెయ్యి ఉంటది.

సుజాత
లెక్క బాగుంది సార్, కానీ రోజు విడిచి రోజు అందరికీ చాలదు. నొప్పికి భయపడి కదలనివాళ్లకు, ఇంట్లో పక్కన మనిషి లేనివాళ్లకు మొదటి పది రోజులు రోజూ వెళ్లాల్సిందే. స్వాతి గారూ, అమ్మ ఇప్పుడు మంచం అంచున కూర్చుంటే మోకాలు ఎంత వంగుతోంది?

స్వాతి
కొలవలేదు మేడం. వచ్చినాయన చేత్తో చూసి ‘బాగుంది’ అన్నడు.

సుజాత
కొలిచి రాసిపెట్టమనండి, వంగేది ఒక అంకె, చాపేది ఒక అంకె. గోడ క్యాలెండర్ మీదైనా సరే. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవాలంటే 90 దాటాలి. వారం పాటు అంకె కదలకపోతే ప్యాకేజీ ఎన్ని రోజులు మిగిలిందని చూడకండి, సర్జన్‌కు ఫోన్ చేయండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, కుట్ల దగ్గర చీము వచ్చినా, జ్వరం వచ్చినా మా కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికే.

లెక్కల సారు
ఇంకొకటి, ఇన్సూరెన్స్ ఉంటే. మా పాలసీల డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు వస్తది. ఫిజియో చేయించాలని సర్జన్ రాసిచ్చిన కాగితం, ఏ తేదీకి ఆ తేదీ రసీదు కావాలన్నరు. మొత్తం ప్యాకేజీకి ఒక్క అడ్వాన్సు రసీదు పెడితే, ఎన్ని రోజులు వచ్చిండ్రో చూపమని తిప్పి పంపిండ్రు.

స్వాతి
ఇయ్యాల పొద్దున అడిగిన. పెట్రోలు ప్యాకేజీల లేదట, సారు అనుకున్నట్టే. పది రోజులకు 5,500, పెట్రోలు కలిపి ఇస్తనన్నడు. మధ్యల ఆగితే 550 లెక్కనే కోసుకోవాలె, 600 కాదు అని కాగితం మీద రాయించుకున్న. రోజూనా, రోజు విడిచి రోజా అన్నది ఇంకా తెగలేదు. అమ్మ మాత్రం రోజూ వద్దంటున్నది.

పాలమూరు యాదగిరి
సంతకం గూడ పెట్టించుకున్నవా?

స్వాతి
పెట్టించిన అన్నా. దిండు గూడ తీసేసిన. రాత్రంత తిట్టింది.