తుంటి దగ్గర 40, నడుము దగ్గర 44: పక్క కుట్టు ముందు ముక్కలో 6 మి.మీ. ఎక్కువ వస్తోంది

నీలిచాక్

అందరికీ నమస్కారం. నేను ఒక తిన్నని స్కర్టు ప్యాటర్న్‌ను ముద్రించుకున్నాను. అన్ని సైజులూ ఒకదానిలో ఒకటిగా గీసి ఉన్న కాగితం అది. నా తుంటి కొలత 98 సెం.మీ., అంటే దాని పట్టికలో 40 సైజు. నడుము మాత్రం 80 సెం.మీ. ఉండటం వల్ల 44 సైజులోకి పోతోంది, 40కి ఉండవలసిన నడుము 72 మాత్రమే. అందువల్ల తుంటి గీత దగ్గర 40 మీద మొదలుపెట్టి, పైకి వెళ్తూ నడుము దగ్గర 44ను కలిసేటట్టు పక్క గీతను మళ్లీ గీసుకున్నాను. ముందు, వెనుక ముక్కలు రెండింటికీ ఇలాగే చేశానని అనుకుంటున్నాను గానీ, రెండు పక్కలనూ కలిపి చూస్తే ముందు ముక్క పైన 6 మి.మీ. మిగిలిపోతోంది. కుట్టేటప్పుడు సర్దుకుపోతుందా, లేక గీతలోనే తప్పు ఉందా? నడుము పట్టీ కూడా చాలడం లేదు.

పావుగజం

ఇందులో పెద్ద చిక్కు ఏమీ లేదండి. తుంటి గీత నుంచి నడుము చివరకు స్కేలు పెట్టి ఒక తిన్నని గీత గీస్తే సరిపోతుంది. మొత్తం తేడా 8 సెం.మీ., నాలుగు భాగాలుగా చూస్తే ఒక్కో పక్కకు 2 సెం.మీ. రెండు ముక్కల్లోనూ అదే 2 సెం.మీ. బయటకు జరుపుతున్నారు కనుక పొడవులు వాటంతట అవే సమానంగా వస్తాయి. మీది కొలవడంలో జరిగిన పొరపాటు అయి ఉంటుంది.

దారపుఉండ

నాదీ ఇదే బాధ. కుర్తీ నడుము దగ్గర బిగుసుకుపోతుంది, కింద వదులుగా ఉంటుంది. నేను పక్క కుట్టు విప్పి, లోపల వదిలిన మార్జిన్‌లోంచి చెరో అర అంగుళం వదిలేశాను. కాకపోతే చీలిక మొదలయ్యే చోట గుడ్డ ముడతపడి నిలబడింది. మీరూ మార్జిన్ ఎక్కువ వదిలి కత్తిరించుకుంటే తరువాత సర్దుకోవచ్చు కదా?

కత్తెరగాటు

దారపుఉండ గారూ, మీరు చెబుతున్నది కుట్టిన బట్టను వదులు చేసుకోవడం. ఆవిడ అడుగుతున్నది కత్తిరించక ముందు కాగితం మీద సరిచేసుకోవడం గురించి. మీ చీలిక దగ్గర ముడత ఎందుకు వచ్చిందో ఒక్క మాటలో చెబుతాను: విప్పిన కుట్టును చీలిక గాటు దగ్గర మునుపటి గీతలో నెమ్మదిగా కలపకుండా అకస్మాత్తుగా మలిపి ఉంటారు.

ఇక నీలిచాక్ గారి సంగతి. పావుగజం గారు చెప్పిన 2 సెం.మీ. లెక్క సరైనదే. పొడవులు వాటంతట అవే కుదురుతాయన్న మాట మాత్రం సగమే నిజం. తుంటి నుంచి నడుముకు ఎత్తు 20 సెం.మీ. అనుకుందాం. పక్క గీత ముందు ముక్కలో 4 సెం.మీ., వెనుక ముక్కలో 3 సెం.మీ. లోపలికి వాలుతోందనుకుందాం. తిన్నని గీతగా లెక్కవేస్తే మొదట్లో ముందు పొడవు 20.4, వెనుక 20.2 సెం.మీ. చెరో 2 సెం.మీ. బయటకు జరిపాక అవి 20.1, 20.0 అవుతాయి. అంటే ముందు ముక్క సుమారు 3 మి.మీ., వెనుకది 2 మి.మీ. తగ్గాయి, మీ మార్పు వల్ల వచ్చిన తేడా ఒక్క మిల్లీమీటరే. వాలు మారడం వల్ల 6 మి.మీ. రాదు. అందుకని తప్పును వాలులో కాక ఎత్తులో వెతకాలి.

మీ కాగితం మీద నడుము గీతలను ఒకసారి చూడండి. 40, 42, 44 గీతలు ఒకే ఎత్తులో ఉన్నాయా, లేక సైజు పెరిగేకొద్దీ ఒక్కొక్కటి 3 మి.మీ. చొప్పున పైకి జరిగాయా? చాలా ప్యాటర్న్‌లలో సైజుతో పాటు ఎత్తూ పెరుగుతుంది. మీరు ముందు ముక్కలో 44 నడుము గీతను తీసుకుని, వెనుక ముక్కలో 40 నడుము గీతనే పక్కకు పొడిగించి ఉంటే సరిగ్గా ఈ 6 మి.మీ. వస్తుంది.

నీలిచాక్

ఇప్పుడే చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. వెనుక ముక్కలో డాట్లు చెదిరిపోతాయన్న భయంతో 40 నడుము గీతనే ఉంచి, 44 వెడల్పు వరకు లాగాను. ముందు మాత్రం 44 గీతనే దించుకున్నాను.

కత్తెరగాటు

అయితే రెండింటిలోనూ ఒకే సైజు నడుము గీతను ఎంచుకోండి. రెండూ 44 అయినా, రెండూ 40 ఎత్తు అయినా పరవాలేదు, కలగాపులగం మాత్రం వద్దు. ఏ ఎత్తు అన్నది పట్టిక చెప్పదు, మీ నడుముకు నాడా కట్టుకుని అక్కడి నుంచి సీటు నిండుగా ఉన్న చోటు వరకు పక్కన టేపు పెట్టి కొలుచుకుంటే తెలుస్తుంది.

గీత మొదలుపెట్టే చోటును కూడా అంచు నుంచి పైకి కొలిచి, రెండు ముక్కల మీదా ఒకే దూరంలో గుర్తు పెట్టుకోండి. తిన్నని స్కేలు వాడవద్దు. తుంటి దగ్గర కింది నుంచి వచ్చే నిలువు గీతకు తిన్నని గీత తగిలితే అక్కడ ఒక మూల ఏర్పడుతుంది, కుట్టాక అది చిన్న ముక్కులా పొడుచుకు వస్తుంది. వంపు స్కేలును కింది గీతకు ఆనించి, అది ఎక్కడ విడిపోతోందో కంటికి తెలియనంత నెమ్మదిగా పైకి తీసుకెళ్లండి. ప్యాటర్న్‌లో మార్జిన్ కలిపే ఉంటే, ఈ పనంతా కత్తిరించే గీత మీద కాక కుట్టు గీత మీద చేయాలి.

ఆ తరువాత ముందు ముక్కను వెనుక ముక్క మీద పెట్టి, అంచు దగ్గర కుట్టు గీతలను కలిపి, పెన్సిలు మొనతో నొక్కి పట్టుకుంటూ, వంపు వచ్చిన చోటల్లా పై కాగితాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నడుము వరకు నడిపించండి. చివర 1 లేదా 2 మి.మీ. మిగిలితే అందులో సగం ఒక ముక్కలో తగ్గించి, సగం రెండో ముక్కలో పెంచండి. పాత గాట్లు వంపు మారిన భాగంలో ఉంటే ఇక పనికిరావు, ఇలా నడిపిస్తున్నప్పుడే రెండింటి మీదా కొత్తవి పెట్టుకోవాలి. అలాగే పక్కలను కలిపి ఉంచి నడుము గీతను చూడండి. కుట్టు దగ్గర కొండలా లేచినా, లోయలా దిగినా ఆ రెండు సెంటీమీటర్ల మేర గీతను సాపు చేయండి.

6 మి.మీ. కుట్టులో సర్దుకుపోతుందా అని అడిగారు. ఉన్ని గుడ్డయితే ఆవిరి పెట్టి కొంత ఇమిడించవచ్చు. సన్న నూలు గుడ్డలో మాత్రం 20 సెం.మీ. పొడవులో 6 మి.మీ. ఇమిడిస్తే చుట్టలు చుట్టలుగా కనిపిస్తుంది. నడుము పట్టీ సంగతి చిన్నదే, మీరు 40 పట్టీని కత్తిరించి ఉంటారు, పట్టీ ఎప్పుడూ నడుము సైజుదే కావాలి.

పావుగజం

ఎత్తు సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంకో మాట. ఆవిడకు నడుముకూ తుంటికీ తేడా 18 సెం.మీ. మాత్రమే, ప్యాటర్న్ 26కు గీసినది. మొత్తం 8 సెం.మీ. పక్కల్లోనే వదిలితే పక్క గీత దాదాపు నిలువుగా అయిపోయి, డాట్లు మాత్రం పాత లోతులోనే ఉండిపోతాయి. డాట్ల లోతు కొంత తగ్గించి, పక్కలకు మిగిలినది వదిలితే మంచిది కాదా?

కత్తెరగాటు

మంచి ప్రశ్న. పొట్ట ముందుకు ఉన్నవారికి ముందు డాట్ తగ్గించడమే నేనూ చేస్తాను. కానీ వెనుక నిండుగా ఉన్నవారికి వెనుక డాట్లు తగ్గిస్తే నడుము వెనుక గుడ్డ విడిపోయి నిలబడుతుంది. ఆవిడ కొలతలను బట్టి ఇది చెప్పలేను. డాట్ల స్థానం కూడా అంతే: 44 నడుము గీతను దించితే డాట్ పై భాగం 44 చోటనే ఉండాలని నా అభిప్రాయం, కొన అయితే 40 దగ్గరే ఉంచుతాను.

దారపుఉండ

మా టైలరు గారు డాట్‌ను ఎప్పుడూ కదపరు, పక్కలోనే సర్దుతారు. ఆయన కుట్టినవి బాగానే ఉంటాయి మరి.

నీలిచాక్

రెండు ముక్కల్లోనూ 44 నడుము గీతను పెట్టి మళ్లీ గీశాను. నడిపించి చూస్తే చివర 1 మి.మీ. మాత్రమే మిగిలింది, దాన్ని పంచేశాను. డాట్ల విషయం కాగితం మీద తేలేటట్టు లేదు కనుక, కోరా గుడ్డలో ఎడమ సగం డాట్ తగ్గించి, కుడి సగం తగ్గించకుండా కుట్టి వేసుకుని చూస్తాను. పావుగజం గారూ, తగ్గించే పక్షంలో డాట్‌కు ఎంత అంటారు, 5 మి.మీ. చాలునా?

పావుగజం

ముందు డాట్‌కు 5 మి.మీ. తగ్గించి చూడండి. ఆ సగంలో పక్క గీతను కూడా నడుము దగ్గర అంతే 5 మి.మీ. లోపలికి తేవడం మరచిపోవద్దు, లేకపోతే పట్టీ మళ్లీ కుదరదు. వెనుక డాట్లను ఇప్పటికి ముట్టుకోకండి.