జడల స్వెటర్ బిగుతైపోయింది, లెక్క ఎక్కడ తప్పింది?

నర్సాపురం లేసు
మా అబ్బాయి చదువుకి డబ్లిన్ వెళ్తున్నాడండి. వాడికి గుండ్రటి మెడతో ఆరాన్ పుల్లోవర్ మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా హుక్కుతో లేసు అల్లుతున్నాను గానీ రెండు సూదుల పని కొత్త. ముందుగా సాదా ముక్క అల్లి కొలిస్తే అంగుళానికి 5 కుట్లు వచ్చాయి. ముందు భాగం 20 అంగుళాలు కావాలని 100 కుట్లు ఎక్కించాను. తీరా జానెడు ఎత్తు అల్లి పరిచి చూస్తే వెడల్పు 17 అంగుళాలే ఉంది!

భీమవరం కోడలు
తడిపి, లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టండి. నా కార్డిగన్ అలాగే సరిపోయింది.

రాజోలు టీచర్
ఉన్ని అయితే ఒక అంగుళం వరకు సాగొచ్చు. మూడు అంగుళాలు లాగితే జడలు చదునైపోతాయి, ఆరాన్ అందమే పోతుంది. అక్రిలిక్ అయితే పిన్నులు తీయగానే మళ్లీ ముడుచుకుంటుంది.

మీ లెక్క తప్పు కాదక్కా, కొలిచిన ముక్క తప్పు. జడ తిప్పేటప్పుడు మూడు కుట్లు వేరే సూది మీదకి తీసి, తర్వాతి మూడు అల్లి, ఆపైన వాటిని అల్లుతాం కదా. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి అంత మేరా బట్ట లోపలికి లాక్కుంటుంది. అందుకే జడలతోనే ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి కొలవాలి. మీ 100 కుట్లు 17 అంగుళాలే వచ్చాయంటే 20కి దాదాపు 118 కావాలి. కింద రిబ్బుకి మాత్రం 100 చాలు. రిబ్బు చివరి వరసలో, జడలు మొదలయ్యే చోట్లే ఆ 18 పెంచండి.

ఊలుబంతి
నాదీ ఇదే బాధ. మా పాపకి రెండు రంగుల ఫెయిర్ ఐల్ అల్లితే తల దూరడం లేదు. ఆరాన్ అన్నా అదే కదా?

రాజోలు టీచర్
కాదమ్మా. అందులో జడలుండవు. ఆరాన్ ఐర్లండు దీవులది, ఫెయిర్ ఐల్ స్కాట్లండు దీవిది. తిరగేసి చూడండి: వెనక వదిలిన దారాలు బిగిసి ఉంటే, ముందు వైపు గుంటలు పడి ముడతలొస్తాయి. రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లని వేలితో పరిచి, ఆ తర్వాతే దారం తీసుకోండి.

అమలాపురం పిన్ని
అల్లింది విప్పకమ్మా! వెనక భాగం కూడా 17 అల్లెయ్. మొత్తం 34 అవుతుంది, 40కి ఆరే తక్కువ. చంకల కింద చెరో పక్కా మూడంగుళాల రిబ్బు పట్టీ కలిపితే సరి. భుజాల దగ్గర 17 ఎలాగూ చాలు.

రాజోలు టీచర్
కుదురుతుంది పిన్నీ, కానీ చేతి పైభాగానికీ అదే మూడంగుళాలు కలపాలి, లేకపోతే చంకలో పట్టేస్తుంది. నేనైతే విప్పేస్తాను.

నర్సాపురం లేసు
నిన్న రాత్రి జడలతో 24 కుట్ల ముక్క అల్లాను, సరిగ్గా 4 అంగుళాలు వచ్చింది. టీచర్ గారి లెక్కకి రెండు కుట్లే తేడా. విప్పుతున్నానండి. గుండ్రటి మెడకి ఆఖరి వరస బిగిసిపోకుండా పెద్ద సూదితో ముగించాలా, వదులుగా అల్లితే చాలా?