ముగింపు లేఖలో ‘అనుకుంటున్నాను’ ఉండొచ్చా?

నిజాంపేట నుంచి ఒకరు: అందరికీ నమస్కారం. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఓనర్ గారు పెద్దావిడ, ఇంగ్లిష్ చదవరు. అందుకని ముగింపు లేఖ తెలుగులోనే రాయాలి. జీవితంలో మొదటిసారి, కాస్త టెన్షన్‌గా ఉంది. రాసింది ఇది:

‘విషయం: ఇంటి గురించి. ఆర్యా, మీరు కుశలమని తలుస్తాను. మా బాబు స్కూలు దూరమైంది. అందువల్ల వచ్చే నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయాలనుకుంటున్నాను.’

ఒప్పందం 01-07-2024న 11 నెలలకు రాసుకున్నాం. గడువు అయ్యాక కూడా అదే అద్దె కడుతూ ఉంటున్నాం. 6వ షరతులో ఒక నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. తప్పులుంటే చెప్పండి.

తెనాలి మాస్టారు: లేఖ ముగింపులో ‘భవదీయుడు’ అని రాయండి. ‘తమ భవదీయుడు’ అనకూడదు. భవదీయ అంటేనే ‘మీకు చెందిన’ అని అర్థం, ‘తమ’ రెండోసారి అవుతుంది.

నిజాంపేట: మాస్టారూ, నేనడిగింది ముగింపు లేఖ, లేఖ ముగింపు కాదండీ. అయినా అదీ పనికొచ్చింది. ‘తమ విధేయుడు’ అని పెట్టబోయాను.

తెనాలి మాస్టారు: పొరబడ్డాను. విధేయుడు అంటే మాట వినేవాడు. పై అధికారికి రాసే సెలవు చీటీలో సరిపోతుంది, అద్దె ఇంటి లేఖలో అక్కర్లేదు.

కరీంనగర్ తమ్ముడు: అసలు లేఖ ఎందుకన్నా? 11 నెలలు అయిపోతే కిరాయి ఒప్పందం దానంతటదే అయిపోయినట్టే కదా.

రిటైర్డ్ గుమస్తా, విజయవాడ: సగం నిజం తమ్ముడూ. రాసుకున్న గడువు అయిపోయింది. కానీ వీళ్లు ఉంటున్నారు, ఆవిడ అద్దె తీసుకుంటున్నారు. మామూలుగా దాన్ని నెలవారీ అద్దె కింద లెక్కేస్తారు. అప్పుడు చట్టం అడిగేది 15 రోజుల నోటీసు. షరతులో నెల అని ఉంది కాబట్టి నెల ఇవ్వడమే మేలు.

ఇక భాష. అన్నిటికన్నా ప్రమాదం ‘చేయాలనుకుంటున్నాను’. అది ఆలోచన, నిర్ణయం కాదు. రేపు ఆవిడ ‘అనుకుంటున్నానన్నాడు, మళ్లీ ఏమీ చెప్పలేదు’ అంటే మీ దగ్గర జవాబు లేదు. ‘ఖాళీ చేస్తున్నాను’ అనండి. ‘ఒప్పందం రద్దు’ అని కూడా వద్దు. రద్దు అంటే మధ్యలో కొట్టేయడం, గొడవలాగా వినిపిస్తుంది. మీరు షరతు ప్రకారమే వెళ్తున్నారు.

రెండోది తేదీ. ‘వచ్చే నెలాఖరులోగా’ అంటే 12 కావచ్చు, 30 కావచ్చు. ‘31-10-2025న’ అని రాయండి. లేఖ పైన తేదీ వేరు, అందిన తేదీ వేరు, ఖాళీ చేసే తేదీ వేరు. గడువు అందిన రోజు నుంచి లెక్క. సెప్టెంబరు 28న పోస్టు చేస్తే అక్టోబరు 3న అందిందనుకోండి, 31కి నెల నిండదు. చేతికిస్తే నకలు మీద ‘అందినది’ అని రాయించి సంతకం, తేదీ వేయించుకోండి.

బెజవాడ అక్క: మా సంగతీ ఇదే. ‘ఖాళీ చేద్దామనుకుంటున్నాం’ అని రాశాం. నోటీసే ఇవ్వలేదని అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకున్నారు. వాదించలేకపోయాం.

నిజాంపేట: అయ్యో అక్కా! మరి గుమస్తా గారూ, బాబు స్కూలు సంగతి ఎక్కడ పెట్టాలి?

రిటైర్డ్ గుమస్తా: చివర ఒక్క వాక్యం, లేదా అసలు వద్దు. తెలుగులో క్రియ ఎలాగూ వాక్యం చివరే వస్తుంది. ముందు కారణాలు పేరిస్తే అసలు మాట మరీ అడుగున పడుతుంది. మొదటి వాక్యంలోనే నిర్ణయం, తర్వాత ఏ షరతు ప్రకారమో, ఆ తర్వాత అద్దె, కరెంటు బిల్లు, తాళాలు, అడ్వాన్సు. ఇలా:

‘తేదీ: 20-09-2025
విషయం: మొదటి అంతస్తు పోర్షన్‌ను 31-10-2025న ఖాళీ చేయడం గురించి.
సూచిక: 01-07-2024 నాటి అద్దె ఒప్పందం, 6వ షరతు.

పై షరతు ప్రకారం ఒక నెలకు పైగా ముందే తెలియజేస్తూ, 31-10-2025న ఇల్లు ఖాళీ చేస్తున్నాను. అక్టోబరు అద్దె, ఆ రోజు వరకు కరెంటు బిల్లు కట్టి తాళాలు మీకు అప్పగిస్తాను. ఇల్లు చూసుకుని, అడ్వాన్సు రూ.30,000 ఆ రోజే ఇవ్వగలరు.’

తెనాలి మాస్టారు: ‘సూచిక’ నాకు నచ్చదు. పుస్తకం చివర పదాల పట్టికనూ అదే అంటున్నాం. ‘ఆధారం’ అంటే పెద్దావిడకు సులువు.

రిటైర్డ్ గుమస్తా: మా ఆఫీసులో సూచికే రాసేవాళ్లం మాస్టారూ. ‘ఆధారం’ అంటే సాక్ష్యంలా లేదూ?

నిజాంపేట: నేను ‘ఒప్పందం:’ అనే పెట్టేస్తాను. ‘ఆర్యా’ తీసేసి ‘గారికి నమస్కారం’ అన్నాను. రేపు పొద్దున చేతికే ఇస్తాను. ఒక్క అనుమానం: నకలు మీద సంతకం అడిగితే ఆవిడ నొచ్చుకోరు కదా? నాలుగు పండగలకీ మాకు బూరెలు పంపిన మనిషి.

బెజవాడ అక్క: ‘నా దగ్గర కాగితం పోతుందండీ, మీ చేత్తో ఒక తేదీ వేసివ్వండి’ అని అడుగు. నేనైతే అలాగే అడుగుతాను.