చిన్న కోర్టు, మెత్తని బంతి: ఫోర్‌హ్యాండ్ నేర్పుతున్నాయా, చెడగొడుతున్నాయా?

కంచె పక్క నాన్న

మా అమ్మాయికి 8 ఏళ్లు, ఎత్తు 120 సెంటీమీటర్లు, కుడిచేతి వాటం. కొన్ని నెలలుగా చిన్న కోర్టులో ఎర్ర మెత్తని బంతితో టెన్నిస్ ఫోర్‌హ్యాండ్ నేర్చుకుంటోంది. నెట్ దాటించి శంకువులను బాగానే కొడుతోంది. కానీ చెయ్యి సాగదు, బంతిని నెడుతున్నట్టు ఉంటుంది. మొన్న సరదాకి పెద్ద కోర్టులో పెద్దవాళ్లు ఆడే పసుపు బంతి ఇస్తే ఒక్కటీ సరిగ్గా వెళ్లలేదు. మెత్తని బంతి వల్లే ఈ నెట్టుడు అలవాటైందా? ఇప్పుడే పసుపు బంతికి మార్చడం మంచిదా?

పాత బేస్‌లైన్

మార్చేయండి. మీరు చూసింది నిజమే, నేనూ ఎంతో మంది పిల్లల్లో చూశాను. మెత్తని బంతికి బరువు లేదు, వేగం లేదు. ఊరికే రాకెట్ అడ్డం పెట్టినా అవతలికి పోతుంది. అలాంటప్పుడు పిల్లలు భుజం ఎందుకు తిప్పుతారు? ఐదున్నర మీటర్ల అర కోర్టులో గట్టిగా కొడితే బయటికి పోతుంది కాబట్టి చెయ్యి ముడుచుకోవడం నేర్చుకుంటారు. ఆ ముడుచుకున్న చెయ్యి సాగడానికి తర్వాత ఏళ్లు పడుతుంది. మేము మొదటి రోజు నుంచే పెద్ద కోర్టులో ఆడాం, ఊపు దానంతట అదే వచ్చింది.

రెండో బౌన్స్

లక్షణం మీరు చెప్పినదే, కారణం మాత్రం వేరే చోట ఉంది. నేను ఎక్కువగా ఎర్ర కోర్టు, అంటే ఎర్ర బంతితో ఆడే చిన్న కోర్టు, పిల్లలకే నేర్పుతాను.

ముందు పసుపు బంతి సంగతి. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే పసుపు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. ఎర్ర బంతి సుమారు 90 నుంచి 105 దగ్గర ఆగుతుంది. 120 సెంటీమీటర్ల పాప ముందు లోతుగా పడిన పసుపు బంతి భుజం దాటి పోతుంది. అప్పుడు ఆమెకు మిగిలేవి మూడే దారులు: వెనక్కి వెనక్కి పరుగెత్తడం, తల పక్కన కొట్టడం, లేదా ఆ ఎత్తుకు అందేలా చేతిని రాకెట్ పిడి కిందికి బాగా తిప్పి పట్టుకోవడం. మూడోదే ప్రమాదం. ఆ పట్టు ఒకసారి కుదిరితే నడుము కంటే కిందుగా వచ్చే బంతిని కొట్టడం కష్టమవుతుంది. పెద్ద కోర్టులో ఊపు దానంతట అదే వచ్చిన వాళ్లను మనం గుర్తుంచుకుంటాం. రాక మానేసిన వాళ్లు ఇప్పుడు ఇక్కడికి వచ్చి చెప్పరు కదా!

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కూడా 2012 నుంచి పదేళ్ల లోపు పోటీల్లో పసుపు బంతి వాడకూడదని నియమం పెట్టింది. నియమం ఉంది కాబట్టి సరైనదని నేను అనను. పాప ఎత్తూ బంతి ఎత్తూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇక నెట్టుడు. కంచె పక్క నాన్న గారూ, ఆ శంకువులు ఎక్కడ పెడుతున్నారు? బంతి ఎవరు, ఎక్కడి నుంచి అందిస్తున్నారు?

కంచె పక్క నాన్న

కోచ్ నెట్ అవతల నిలబడి చేత్తో విసురుతారు. మా అమ్మాయి నెట్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడుతుంది. శంకువులు అవతలి అర కోర్టు మధ్యలో ఉంటాయి. కొట్టినప్పుడల్లా పిల్లలందరూ కేకలు వేస్తారు, ఆమెకు అదే ఇష్టం.

నలభైలో మొదలు

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నాకు 43 ఏళ్లు, ఈ మధ్యే మొదలుపెట్టాను. పసుపు బంతితో మోచేయి బయటి వైపు నొప్పి వస్తోంది. పిల్లల బంతి అడిగితే పక్కవాళ్లు నవ్వుతారేమో అని అడగలేదు. పెద్దవాళ్లకు చిన్న కోర్టు పనికొస్తుందా?

రెండో బౌన్స్

నలభైలో మొదలు గారూ, నిస్సంకోచంగా అడగండి. పెద్దవాళ్లకు ఎర్ర బంతి మరీ కిందే ఉండిపోతుంది కాబట్టి నారింజ లేదా ఆకుపచ్చ చుక్క బంతి తీసుకోండి. నారింజ బంతి పసుపు దానికంటే సుమారు సగం నెమ్మది, ఆకుపచ్చది పావు వంతు నెమ్మది. మోచేయి నొప్పికి ఆలస్యంగా కొట్టడం ఒక కారణం కావచ్చు, రాకెట్ తీగల బిగువు ఇంకొకటి కావచ్చు. చూడకుండా చెప్పలేను. నొప్పి తగ్గకపోతే ఆట ఆపి వైద్యుడికి చూపించండి.

ఇప్పుడు పాప విషయం. మీ జవాబులోనే అంతా ఉంది. నెట్‌కు రెండు మూడు అడుగుల దూరం నుంచి, అర కోర్టు మధ్యలో ఉన్న శంకువును కొట్టాలంటే నెట్టడమే తెలివైన పని. ఆ పాప తప్పు నేర్చుకోలేదు, మనం అడిగినదే చక్కగా నేర్చుకుంది. లక్ష్యం అడిగేదాన్నే చెయ్యి నేర్చుకుంటుంది.

మీ అమ్మాయిలాగే శంకువులను బాగా కొట్టి, బంతిని నెట్టే అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. బంతి మార్చలేదు, కోర్టు మార్చలేదు. ముందు అతన్ని బేస్‌లైన్ మీదికి తీసుకువెళ్లాను. ఎర్ర కోర్టు మొత్తం పొడవు సుమారు 11 మీటర్లు, అంటే పెద్ద డబుల్స్ కోర్టు వెడల్పు అంత. నెట్ ఎత్తు 80 సెంటీమీటర్లు. శంకువులు తీసేసి, అవతలి బేస్‌లైన్ లోపల ఒకటిన్నర మీటర్ల వెడల్పున అడ్డంగా ఒక పట్టీ గీశాను. నెట్ పైన ఇంకో మీటరు ఎత్తులో తాడు కట్టాను. బంతి నెట్‌కూ తాడుకూ మధ్య కిటికీలోంచి వెళ్లి ఆ పట్టీలో పడాలి. అంతే చెప్పాను, చెయ్యి ఎలా ఊపాలో చెప్పలేదు.

తాడు పని ఏమిటంటే, బేస్‌లైన్ నుంచి నెట్టిన బంతి అంత దూరం చేరాలంటే పైకి లేవాల్సిందే, లేస్తే తాడు దాటిపోతుంది. తాడు కిందుగా నెడితే పట్టీ దాకా చేరదు. రెండూ కుదరాలంటే భుజాలు తిప్పి, రాకెట్‌ను బంతి కంటే కిందికి దించి, ముందుకూ పైకీ సాగదీయక తప్పదు. మొదట పది బంతుల్లో ఒకటో రెండో పడ్డాయి. అది మరీ కష్టం కాబట్టి పట్టీని రెండున్నర మీటర్లు చేశాను. సగానికి పైగా పడడం మొదలైన తర్వాత మళ్లీ ఒకటిన్నరకు తెచ్చాను. లక్ష్యం ఎప్పుడూ అలా సాగాలి, ముడుచుకోవాలి. పదికి పది పడుతుంటే అది ఇక నేర్పడం లేదు.

బంతి అందించే తీరూ మార్చాను. మొదట అతని పక్కనే నిలబడి బంతిని కింద వదిలాను, తర్వాత నెట్ అవతలి నుంచి విసిరాను, ఆపైన రాకెట్‌తో అందించాను. ప్రతి బంతీ ఒకే చోట పడకుండా ఒక అడుగు అటూ ఇటూ వేశాను. కాళ్లు కదలకపోతే ఊపు కుదరదు.

కంచె పక్క నుంచి మీరు చూడగలిగినవి ఇవి. బంతి తన వైపు నేల తాకేలోపే భుజాలు పక్కకు తిరిగాయా? రాకెట్ బంతిని ముందు కాలికి కొంచెం ముందుగా, చెయ్యి అందేంత దూరంలో తాకిందా? కొట్టాక రాకెట్ భుజం దాకా వెళ్లిందా, నెట్ వైపు చూస్తూ ఆగిపోయిందా? నెట్టే పిల్లల్లో ఆఖరిది ఖాయంగా కనిపిస్తుంది. కుడిచేతి వాటం వాళ్ల బంతులు అదే పనిగా కుడివైపుకు జారుతుంటే మాత్రం ఆలస్యంగా తాకుతున్నారని లెక్క. నెట్టుడు వేరు, ఆలస్యం వేరు.

పాత బేస్‌లైన్

తాడు ఉపాయం బాగుంది, ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇంత ఏర్పాటు ఎవరు చేస్తారు? చాలా చోట్ల చిన్న కోర్టు అంటే నాలుగు శంకువులు, ఒక బుట్ట మెత్తని బంతులు, వరసలో పన్నెండు మంది పిల్లలు. అక్కడ నేను చెప్పిందే జరుగుతుంది.

రెండో బౌన్స్

జరుగుతుంది. వరసలో పన్నెండు మంది ఉంటే పసుపు బంతి ఇచ్చినా జరుగుతుంది. ఇద్దరిద్దరిని జత చేసి ఆడించడానికే కదా చిన్న కోర్టు. ఒక పెద్ద కోర్టు స్థలంలో అడ్డంగా నాలుగు చిన్న కోర్టులు పడతాయి, ఎనిమిది మంది ఒకేసారి ఆడవచ్చు.

తెల్ల గీత

నాకు తాడు మీద కాదు, లక్ష్యం మీదే అనుమానం. నేనూ పిల్లలకు నేర్పుతాను. నేల మీద గురి పెట్టగానే చాలా మంది కొట్టే క్షణంలో తల ఎత్తి గురి వైపు చూస్తారు, రాకెట్ మధ్యలో తగలాల్సిన బంతి అంచుకు తగులుతుంది. అందుకే మొదటి వారాల్లో గురి ఏమీ పెట్టను. అవతలి అర కోర్టు అంతా గురే. బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడు వినమంటాను.

రెండో బౌన్స్

చిన్న శంకువు విషయంలో మీతో ఏకీభవిస్తాను. తాడు కిటికీ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తల అంతగా లేవదు. కానీ అసలు గురి లేకుండా నేర్పితే పిల్లలు తమ చెయ్యి గురించే ఆలోచిస్తూ బిగుసుకుపోవడం చూశాను.

తెల్ల గీత

నేను ఆ బిగుసుకుపోవడం పెద్దవాళ్లలో చూశాను, పిల్లల్లో తక్కువ. మన దగ్గరికి వచ్చే పిల్లలు వేరేమో!

కంచె పక్క నాన్న

నిన్న కోచ్‌ను అడిగి తాడు కట్టించాను. ఆయన కాస్త ఇబ్బందిగానే ఒప్పుకున్నారు. అమ్మాయి మొదట విసుక్కుంది, శంకువులు పడే చప్పుడు లేదని అలిగింది. చివరి పావు గంటలో రాకెట్ భుజం దాకా రావడం రెండు మూడు సార్లు చూశాను. అప్పుడు బంతి పట్టీ దాటి పోయింది, తను మాత్రం బాగా తగిలిందని నవ్వింది. ఆ బయటి బంతులను తప్పుగా లెక్కించాలా? ఇక తర్వాతి మెట్టు, నారింజ బంతితో ఆడే నారింజ కోర్టుకు ఎప్పుడు వెళ్లాలి?

రెండో బౌన్స్

పూర్తి ఊపుతో బయటికి పోయిన బంతిని ఇప్పుడే తప్పు అనకండి, అంటే మళ్లీ చెయ్యి ముడుచుకుంటుంది. తర్వాత రాకెట్ కింది నుంచి పైకి ఇంకా నిటారుగా వెళితే టాప్‌స్పిన్ వచ్చి బంతి లోపలికి దిగుతుంది. అప్పుడు లెక్క మొదలుపెట్టండి.

నారింజ కోర్టు 18 మీటర్లు, ఒక్కసారిగా ఏడు మీటర్లు పెరుగుతుంది. తనతో సమానంగా ఆడే పిల్లతో, బేస్‌లైన్ దగ్గరి నుంచే, కాళ్లు కదుపుతూ ఎనిమిది పది బంతుల ర్యాలీ సాగినప్పుడు నేను పంపుతాను. పంపేటప్పుడు కూడా మొదట ఎర్ర బంతి ఉంచి కోర్టు మాత్రం కొంచెం కొంచెంగా పొడిగిస్తాను.

తెల్ల గీత

నేను తిప్పి చేస్తాను. కోర్టు అలాగే ఉంచి నారింజ బంతి ఇస్తాను. కొత్త బౌన్స్‌కు కాళ్లు అలవాటు పడ్డాకే దూరం పెంచుతాను. ఎర్ర బంతితో పొడవైన కోర్టు ఇస్తే, అంత దూరం చేర్చలేక పిల్లలు వెనక్కి వాలి కొడతారు.

పాత బేస్‌లైన్

మీ ఇద్దరూ తేల్చుకునేలోపు ఆ పాపకు పదేళ్లు వస్తాయి. కంచె పక్క నాన్న గారూ, వచ్చే వారం రెండు పద్ధతులూ చెరో రోజు చేసి చూడండి. ఏ రోజు ఎక్కువ వెనక్కి వాలిందో ఇక్కడ రాయండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.